మొహర్రానికి ‘ముబారక్’ చెప్పొచ్చా?

ప్రశ్న: గచ్చిబౌలిలో ఓ ఐటీ కంపెనీలో టీమ్ లీడ్‌ని. మా టీమ్‌లో అన్ని మతాలవాళ్లూ ఉన్నారు. ప్రతి పండక్కీ తెలుగులో రాసి, ట్రాన్స్‌లేట్ యాప్‌తో వాళ్ల భాషలోకి మార్చి వాట్సాప్‌లో పంపుతుంటాను. మొహర్రానికి ‘పీర్ల పండుగ శుభాకాంక్షలు’ అని రాసి, ఉర్దూలోకి మార్చి, పువ్వుల ఎమోజీలు పెట్టి పంపాను. ఎప్పుడూ వెంటనే జవాబిచ్చే సహోద్యోగి ఈసారి ఏమీ అనలేదు. యాప్ తప్పుగా మార్చిందా? మిగతా పండుగలకైనా పొరపాటు జరగకుండా ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: యాప్ తన పని తాను సరిగ్గానే చేసి ఉంటుంది. చిక్కంతా ఆ రోజుతో వచ్చింది. మొహర్రం నెల పదో రోజు ఆషూరా. క్రీ.శ. 680లో కర్బలాలో ప్రవక్త మనవడు ఇమామ్ హుసేన్, ఆయన వెంట ఉన్నవాళ్లు ప్రాణాలర్పించిన రోజది. షియా కుటుంబాలకు అది సంతాప దినం. ఆ రోజు డబీర్‌పురాలోని బీబీ కా అలావా నుంచి ఏనుగు మీద ఆలం అనే పవిత్ర చిహ్నం బయలుదేరి చాదర్‌ఘాట్ దాకా వెళ్తుంది. వెంట నడిచేవాళ్లు నల్లబట్టలతో, గుండెలు బాదుకుంటూ మాతం చేస్తారు. మీ సహోద్యోగి షియా అయితే, అలాంటి రోజున ఆయన ఫోన్లో పువ్వులూ ముబారకూ కనిపించాయి. సున్నీలు చాలామంది 9, 10 తేదీల్లో ఉపవాసం ఉంటారు. వాళ్లు మీ మెసేజ్‌కు అంతగా నొచ్చుకోకపోవచ్చు, కానీ వాళ్లకూ అది రంజాన్ లాంటి పండుగ కాదు.

మీరు అలా రాయడంలో ఆశ్చర్యమేమీ లేదు. తెలంగాణ పల్లెల్లో పీర్ల పండుగను హిందువులూ ముస్లింలూ కలిసి చేస్తారు, అలావా అనే నిప్పుల గుండం చుట్టూ ఆడతారు, మొక్కులు చెల్లిస్తారు. ఊళ్లో అది నిజంగా పండుగే. అదే మాట పాతబస్తీ ఇంటికి వెళ్లేసరికి భావం మారిపోతుంది.

భాషల మధ్య తేడాను పట్టుకోవడానికి ఒక మంచి పద్ధతి ఉంది. ఉర్దూలో వచ్చిన వాక్యాన్ని కాపీ చేసి, మళ్లీ తెలుగులోకి మార్చి చదవండి. లిపి రాకపోతే స్పీకర్ గుర్తు నొక్కి వినండి, ‘ముబారక్’ అన్న మాట చెవిన పడుతుంది. అర్థం తారుమారైతే ఇక్కడే తెలిసిపోతుంది. కానీ మీ మెసేజ్ ఈ పరీక్షలో నెగ్గిపోయేది. శుభాకాంక్షలు ముబారక్ అయి, మళ్లీ శుభాకాంక్షలై వచ్చేవి. వాక్యం సరిగ్గా ఉందని యాప్ చెప్పగలదు, ఆ రోజుకు తగినదా కాదా అన్నది చెప్పలేదు. అందుకే అనువాదం కన్నా ముందు చూడాల్సింది ఆ రోజు ఏమిటన్నది.

ఫోన్ క్యాలెండర్ ఇక్కడ బాగా తికమక పెడుతుంది. దీపావళి, మొహర్రం, గుడ్ ఫ్రైడే, గురు తేగ్ బహదూర్ బలిదాన దినం అన్నీ సెలవుల జాబితాలో ఒకే రంగులో కనిపిస్తాయి. వీటిలో మొదటిదానికే శుభాకాంక్షలు. గుడ్ ఫ్రైడే యేసు సిలువ మరణాన్ని తలచుకునే రోజు. మన చర్చిల్లో ‘శుభ శుక్రవారం’ అంటారు కాబట్టి దానికి ‘శుభాకాంక్షలు’ తగిలించేస్తుంటారు. ఆ మాట ఆదివారం ఈస్టర్‌కు దాచుకోండి. జైనుల పర్యూషణ్ చివరి రోజు సంవత్సరి. వాళ్లు ‘మిచ్ఛామి దుక్కడం’ అని క్షమాపణ అడుగుతారు. మీరూ అదే మాట తిరిగి చెబితే చాలు, హ్యాపీ అక్కర్లేదు.

2024 జులై 17న, 2025 జులై 6న తొలి ఏకాదశి, ఆషూరా ఒకే రోజు వచ్చాయి. రెండు లెక్కలూ చంద్రుడితోనే నడుస్తాయి. మనం అమావాస్య మర్నాటి నుంచి లెక్కపెడతాం, వాళ్లు నెలవంక కనబడ్డాక లెక్కపెడతారు. అందుకే మన ఏకాదశి వాళ్ల పదో రోజుకు దగ్గరపడుతుంది. అలాంటి రోజున రెండింటినీ కలిపి ఒకే పోస్టర్ చేయొద్దు. తొలి ఏకాదశి శుభాకాంక్షలు గ్రూపులో పెట్టండి. ఆషూరా మాట ఆ సహోద్యోగికి విడిగా, బొమ్మలు లేకుండా, ఇలా పంపండి:

‘అస్సలాము అలైకుం. ఈ రోజు మీకు, మీ ఇంట్లోవాళ్లకు ఎంత ముఖ్యమో తెలుసు. మిమ్మల్ని తలచుకుంటున్నాను. ఆఫీసు పని గురించి టెన్షన్ పడకండి, ఇవాళ్టి కాల్స్ నేను చూసుకుంటాను.’

దీన్ని ఉర్దూలోకి మార్చనక్కర్లేదు. మీరిద్దరూ ఆఫీసులో ఏ భాషలో మాట్లాడుకుంటారో అందులోనే పంపండి. ముస్లిం అనగానే ఇంటి భాష ఉర్దూ అనుకోవడం కూడా పొరపాటే. రాయలసీమ, కోస్తా నుంచి వచ్చిన దూదేకుల కుటుంబాలు చాలావరకు ఇంట్లో మాట్లాడేది తెలుగే. ఇంకో మాట, షియాల సంతాపం ఆషూరాతో ముగియదు, రెండు నెలల ఎనిమిది రోజులు సాగుతుంది. ఆ రోజుల్లో టీమ్ పార్టీకి రాలేనంటే బలవంతం చేయకండి. మొహర్రం ఒకటో తేదీన ‘హ్యాపీ ఇస్లామిక్ న్యూ ఇయర్’ అని పంపడం కూడా వాళ్ల విషయంలో మానుకోవాలి.

ఈద్‌కు చిక్కు వేరు. ‘ఈద్ ముబారక్’ రంజాన్‌కూ బక్రీద్‌కూ సరిపోతుంది, కానీ ఉపవాసాలు మొదలయ్యే రోజు చెప్పేది ‘రంజాన్ ముబారక్’. క్యాలెండర్‌లో ఈద్ పక్కన tentative అని ఉండటం చూసే ఉంటారు. నెలవంక కనిపించేదాకా తేదీ ఖాయం కాదు. 2025లో సౌదీ, దుబాయ్‌లలో మార్చి 30న పండుగ జరిగితే మనకు 31న జరిగింది. తేదీ చూసి ముందే Schedule send పెట్టేస్తే ఇంకా ఉపవాసంలో ఉన్న మనిషికి ఈద్ ముబారక్ చేరుతుంది. దుబాయ్ టీమ్‌కు, ఇక్కడివాళ్లకు ఒకే మెయిల్ పంపేవాళ్లకు ఇది తరచూ ఎదురవుతుంది. హైదరాబాద్‌లో రూయత్-ఎ-హిలాల్ కమిటీ సాయంత్రం ప్రకటిస్తుంది, అది విన్నాకే పంపండి. ‘హలీం ఎప్పుడు పెడతారు’, ‘బిర్యానీ మాకేదీ’ లాంటి మాటలు చనువున్నవాళ్ల దగ్గరే బాగుంటాయి, ఆఫీసు గ్రూపులో వద్దు. బక్రీద్‌కు మేక ఎమోజీ అసలే వద్దు.

ఉర్దూ లిపిలోనే పంపాలని ఉంటే దాన్ని విడి మెసేజ్‌గా పంపండి. ఉర్దూ కుడి నుంచి ఎడమకు, తెలుగు ఎడమ నుంచి కుడికి నడుస్తాయి. ఒకే వరుసలో కలిస్తే ఫోన్ మొదటి అక్షరాన్ని బట్టి ఆ వరుస దిశను నిర్ణయిస్తుంది, దాంతో పేరు మధ్యలోకి, ఆశ్చర్యార్థకం అవతలి చివరికి వెళ్లిపోతాయి.

ఇక మీరు ఇప్పటికే పంపిన మెసేజ్. వాట్సాప్‌లో దిద్దడానికి పావుగంటే గడువు, Delete for everyone రెండు రోజుల పైచిలుకు పనిచేస్తుంది. ఆ గడువులో ఉన్నా తొలగించకండి. ఆయన చూసేశారు, తొలగించిన ఆనవాలు కూడా అక్కడే మిగులుతుంది. ‘ఆషూరా సంగతి తెలియక పువ్వులు పెట్టి పంపాను, మన్నించండి’ అని ఒక్క వాక్యం రాయండి, లేదా లంచ్ టైమ్‌లో ఎదురుపడినప్పుడు చెప్పేయండి.