కీమోలో ఉన్న అమ్మకు పెరుగన్నం, కీరా పెట్టొచ్చా?

ప్రశ్న: మా అమ్మకు 54 ఏళ్లు. రొమ్ము క్యాన్సర్‌కు రెండో కీమో అయి 9 రోజులైంది. తెల్లకణాలు 1,900, న్యూట్రోఫిల్స్ 40 శాతం అని రిపోర్టు వచ్చింది. నిన్న ఒళ్లు వెచ్చగా ఉంటే పారాసిటమాల్ వేశాం, తగ్గింది. నోరు చప్పగా ఉందని కీరా, పెరుగన్నం, పానీపూరి అడుగుతోంది. పెట్టొచ్చా?

జవాబు: తిండి సంగతి తర్వాత చెబుతాను. ఆ మాత్ర వేసే ముందు థర్మామీటరు పెట్టి చూశారా? 1,900లో 40 శాతం అంటే 760. ఇన్‌ఫెక్షన్‌తో పోరాడే కణాలు వెయ్యిలోపే ఉన్నాయన్నమాట. 500 కంటే తగ్గితే ప్రమాదం ఇంకా ఎక్కువ. చాలా రకాల కీమోల్లో 7 నుంచి 14 రోజుల మధ్య ఈ సంఖ్య బాగా పడిపోతుంది. మీ అమ్మగారు సరిగ్గా ఆ రోజుల్లోనే ఉన్నారు. ఇప్పుడు చీము పట్టడం, దగ్గు లాంటివి పెద్దగా కనిపించకపోవచ్చు. చాలాసార్లు జ్వరం ఒక్కటే గుర్తు. మాత్ర వేసి ఆ గుర్తునే చెరిపేశారు! ఈరోజే మీ ఆంకాలజిస్టుకు ఫోన్ చేసి ఈ విషయం చెప్పండి. ఇకమీదట 100.4 ఫారన్‌హీట్ ఉన్నా, వణుకు వచ్చినా, అర్ధరాత్రి అయినా సరే ఆసుపత్రికి వెళ్లండి. "కీమోలో ఉన్నారు" అన్నది అక్కడ చెప్పే మొదటి మాట కావాలి. యాంటీబయాటిక్ ఇంజెక్షన్ గంటలోపే పడాలి. తెల్లారేదాకా చూద్దామని ఆగి, బీపీ పడిపోయాక తీసుకొచ్చినవాళ్లను చూశాను. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఇక తిండి. పచ్చివన్నీ పూర్తిగా మానేస్తే ఇన్‌ఫెక్షన్లు తగ్గుతాయని పరిశోధనల్లో గట్టిగా తేలలేదు. శుభ్రంగా వండడం, వేడిగా తినడం ముఖ్యం. అయినా కణాలు ఇంత తక్కువగా ఉన్నప్పుడు కీరా, పచ్చి ఉల్లిపాయ, మొలకలు వద్దంటాను. మొలకల్లో క్రిములు గింజ లోపలే ఉండొచ్చు, ఎంత కడిగినా పోవు. పండు కావాలంటే అరటి, కమలా బాగా కడిగి, అప్పటికప్పుడు ఒలిచి ఇవ్వండి. బండి మీద కోసి పెట్టిన ముక్కలు వద్దు.

రాత్రంతా బయట తోడుపెట్టిన పెరుగు ఈ వారం ఆపండి. పాశ్చరైజ్ చేసిన పాలతో చేసిన ప్యాకెట్ పెరుగైతే తేదీ చూసి, ఫ్రిజ్‌లోంచి తీసి, విప్పిన పూటే ముగించాలి. అదీ మీ డాక్టరు సరేనంటేనే. కొన్ని ఆసుపత్రుల్లో ఈ దశలో పెరుగే వద్దంటారు. ప్రోబయోటిక్ పొడులు, క్యాప్సూల్స్ సొంతంగా ఇవ్వకండి. పుల్లగా ఏదైనా కావాలంటే మజ్జిగ పులుసు బాగా మరిగించి, వేడి అన్నంలో కలిపి పెట్టండి. నోరు చప్పగా ఉన్నవాళ్లకు అది హాయిగా దిగుతుంది.

పానీపూరి మాత్రం వద్దు. ఆ నీళ్లు మరిగినవి కావు, అందులో ముంచిన చెయ్యి ఎన్నిసార్లు ముంచిందో తెలియదు. నూనెలోంచి తీసిన మిరపకాయ బజ్జీ వేడిదే కదా అంటారు. కానీ పైన చల్లే పచ్చి ఉల్లిపాయ, పక్కన పెట్టే కొబ్బరి చట్నీ పొద్దుటివి. బజ్జీ ఇంట్లోనే వేసిపెట్టండి, ఉల్లిపాయ లేకుండా.