బాండు కోత మీద అభ్యంతరం రాసే ముందు

చిన్నీ,

నీ రాజీనామా తర్వాత కంపెనీ ఇచ్చిందని నువ్వు పంపిన సెటిల్‌మెంట్ షీటు, శిక్షణ తర్వాత 24 నెలలు పనిచేస్తానని, మధ్యలో మానేస్తే ఖర్చు కడతానని నువ్వు రాసిచ్చిన బాండు కాగితాలు రాత్రి చదివాను. మెయిల్ డ్రాఫ్టు కూడా చూశాను. మొదటి వాక్యమే "బాండ్లు చట్టవిరుద్ధం" అని పెట్టావు. అది తీసెయ్. ఎవరో చెబితే రాసి ఉంటావు కానీ, అది నిలబడదు. విజయా బ్యాంకు కేసులో మూడేళ్లు పనిచేయాలి, లేకపోతే రెండు లక్షలు కట్టాలి అన్న షరతు చెల్లుతుందని సుప్రీంకోర్టు 2025 మే నెలలోనే చెప్పింది. మీ హెచ్ఆర్ వాళ్ల లాయరుకు ఆ తీర్పు తెలిసే ఉంటుంది. నీ మొదటి వాక్యం తప్పని తేలితే మిగతా పేజీ ఎవరూ చదవరు.

నేను ఇరవై ఏళ్లు ఇలాంటి షీట్లే వేశాను. వేసేవాడు బాండు పూర్తిగా చదవడమ్మా. పై నుంచి "బాండు కేసు" అని వస్తుంది, ఫైల్లో పెద్దంకె చూసి అదే ఎక్కిస్తాడు. నీ షీట్లోనూ అదే జరిగింది. చివరి నెల జీతం 36,000, మిగిలిన సెలవుల డబ్బు 9,000, మొత్తం 45,000 రావాలి. "ట్రైనింగ్ బాండ్ రికవరీ" అని 1,20,000 కోశారు. అందుకే నువ్వే 75,000 కట్టాలని చూపిస్తోంది.

ఇప్పుడు నువ్వు సంతకం పెట్టిన కాగితం తియ్యి. నాలుగో పేజీ. అక్కడ మూడు మాటలున్నాయి, నీ మెయిల్ మొత్తం వాటి మీదే నడవాలి.

మొదటిది, "మిగిలిన కాలానికి దామాషాగా" అన్న మాట. అంటే 24 నెలల్లో నువ్వు చేయకుండా వదిలేసిన నెలలకే లెక్క. ఇక్కడ నువ్వో పొరపాటు చేశావు. 2024 జూన్ 3న చేరావు కాబట్టి 19 నెలలు చేశానని, మిగిలినవి 5 నెలలేనని, కట్టాల్సి వస్తే 25,000 అని రాశావు. బాండులో "శిక్షణ పూర్తయిన తేదీ నుంచి" అని ఉంది. నీ ట్రైనింగ్ సర్టిఫికెట్ మీద 2024 ఆగస్టు 2 వేసి ఉంది. నీ చివరి రోజు 2026 జనవరి 2. ఆ లెక్కన 17 నెలలు చేశావు, 7 మిగిలాయి. 1,20,000ని 24తో భాగిస్తే నెలకు 5,000, ఏడు నెలలకు 35,000. నీకు పదివేలు నష్టమైనా 7 నెలలనే రాయి. మన లెక్కలో తప్పు దొరికితే వాళ్లు దాన్నే పట్టుకుని నెల రోజులు మెయిళ్లు నడుపుతారు.

రెండోది, "వాస్తవంగా ఖర్చయిన మొత్తం, గరిష్ఠంగా 1,20,000" అన్నది. లక్షా ఇరవై అన్నది పైపరిమితి మాత్రమే, ఖర్చు అంత అయిందని కాదు. కాంట్రాక్టు చట్టం 74వ సెక్షను కూడా ఇదే దారిలో ఉంటుంది. ఒప్పందంలో ఎంత అంకె రాసుకున్నా, దాన్ని దాటకుండా సమంజసమైన పరిహారమే ఇప్పిస్తారు. శిక్షణ ఖర్చు అంటే ఏంటో కూడా మీ బాండులోనే రాసుకున్నారు: బయటి ట్రైనర్ల ఫీజు, మెటీరియల్, ప్రయాణం. నీ ఎనిమిది వారాల్లో మూడు వారాలే క్లాసులు. మిగతా ఐదు వారాలు సీనియర్ పక్కన కూర్చుని కస్టమర్ టికెట్లు క్లోజ్ చేశానని నువ్వే చెప్పావు. అది శిక్షణ ఎలా అవుతుంది, పని కదా! బిల్లులు అడిగితే ఆ ఐదు వారాల జీతాన్ని కూడా ఖర్చు కింద కలిపి పంపవచ్చు. బాండులోని నిర్వచనంలో జీతం లేదని అప్పుడు ఒక్క ముక్క రాస్తే చాలు.

మూడోది నువ్వు అసలు గమనించలేదు. "డిమాండు అందిన 30 రోజుల్లో ఉద్యోగి చెల్లించాలి" అని ఉంది. "జీతంలోంచి మినహాయించుకోవచ్చు" అని ఎక్కడా లేదు. ఆ రెండూ వేరు. నువ్వు బాకీ ఉన్నావనుకున్నా, అడిగి వసూలు చేసుకోవాలే తప్ప జీతం ఆపుకునే అధికారం ఈ కాగితం వాళ్లకు ఇవ్వలేదు. కొన్ని కంపెనీల బాండ్లలో మినహాయింపు మాట స్పష్టంగా ఉంటుంది, అక్కడ ఈ వాదన పలచబడుతుంది. ఆఫర్ లెటర్‌లో కూడా అలాంటి వాక్యం ఉందేమో ఒకసారి చూసుకో.

చట్టం సంగతి మెయిల్లో రెండు లైన్లకు మించనివ్వకు. 2025 నవంబరు 21 నుంచి వేతనాల కోడ్ అమల్లో ఉంది. 17వ సెక్షను ప్రకారం రాజీనామా చేసినవారి జీతం రెండు పనిదినాల్లో ఇచ్చేయాలి. 18వ సెక్షను ప్రకారం అందులో చెప్పిన కోతలే కోయాలి, అవన్నీ కలిపినా ఆ నెల జీతంలో సగం దాటకూడదు. నీ షీటు జనవరి 20న వచ్చింది, పైగా జీతం మొత్తం మింగేసింది. ఇంతే రాసి వదిలెయ్.

మెయిల్ ఇంగ్లిష్‌లోనే పంపు. ఒరవడి ఇలా ఉండాలి:

"20-01-2026 నాటి సెటిల్‌మెంట్ షీటులో చూపిన 1,20,000 రికవరీకి నేను అంగీకరించడం లేదు. నేను సంతకం చేసిన శిక్షణ ఒప్పందం 4వ పేజీలోని షరతు ప్రకారం వసూలు వాస్తవ ఖర్చుకు, అదీ మిగిలిన కాలానికి మాత్రమే పరిమితం. మిగిలిన కాలం 7 నెలలు. జీతం నుంచి మినహాయించే అధికారం ఒప్పందంలో లేదు. కాబట్టి 45,000 పూర్తిగా చెల్లించి, మీకు క్లెయిము ఉంటే ఖర్చుల బిల్లులతో విడిగా పంపండి. ఈ లేఖ నా హక్కులకు భంగం కలగకుండా రాస్తున్నది. ఏడు రోజుల్లో రాతపూర్వకంగా జవాబు కోరుతున్నాను."

షరతు నంబరు, దాని అసలు మాటలు కొటేషన్లలో అక్షరం మారకుండా దించు. 35,000 అంకె మొదటి మెయిల్లో వేయకు. వేస్తే అంత బాకీ నువ్వే ఒప్పుకున్నట్టు తీసుకుంటారు. వాళ్లు బిల్లులు చూపించాక, అప్పుడు దామాషా లెక్క పెట్టు. అది బిల్లుల మొత్తం మీద వేయాలి, లక్షా ఇరవై మీద కాదు. బిల్లులు 48,000కే తేలాయనుకో, నీ వాటా 14,000 మాత్రమే.

పర్సనల్ మెయిల్ ఐడీ నుంచే పంపు, హెచ్ఆర్‌తో పాటు పేరోల్ వాళ్లనూ కాపీలో పెట్టు. బాండు, షీటు, ట్రైనింగ్ సర్టిఫికెట్, రాజీనామా ఆమోదించిన మెయిల్ జత చెయ్యి. అదే ప్రింటు తీసి కంపెనీ రిజిస్టర్డ్ ఆఫీసుకు స్పీడ్ పోస్టులో కూడా పంపి, రశీదు దాచుకో.

ఆ తర్వాత తప్పకుండా ఫోన్ వస్తుంది. "సగం కట్టేయండి మేడం, రిలీవింగ్ లెటర్ రేపే ఇచ్చేస్తాం" అంటారు. మర్యాదగా విని, పెట్టేసిన పది నిమిషాల్లో "మీరు ఇలా అన్నారు" అని మెయిల్ కొట్టు. "నో డ్యూస్", "సెటిల్‌మెంట్‌కు అంగీకరిస్తున్నాను" అని ఏ లింకు వచ్చినా నొక్కకు. అది నొక్కాక నాలుగో పేజీ గురించి ఎంత రాసినా నీ చేతిలో పట్టు ఉండదు. రిలీవింగ్ లెటర్ కోసం విడిగా ఇంకో మెయిల్ రాయి, ఈ డబ్బు గొడవలో కలపకు. వారం దాటినా జవాబు లేకపోతే ఈ కాగితాలన్నీ పట్టుకుని లేబర్ ఆఫీసుకు వెళ్దాం, నేనూ వస్తాను.

నువ్వు తీసిన ఫొటోలో నాలుగో పేజీ కింద మూల మసకగా వచ్చింది, నీ సంతకం పక్కన తేదీ కనబడటం లేదు. పగటి వెలుగులో ఇంకోసారి తీసి పంపు. అది చూసి చెప్పాకే మెయిల్ పంపుదువు గాని.

మీ మావయ్య