ఒక సున్నా ఎక్కువ పడితే, ఆ డబ్బు మరిది బాకీకి జమ వేసుకోవచ్చా?

ప్రశ్న: మాది తిరుపతి. ఇంట్లో అరిసెలు, పాకుండలు చేసి అమ్ముతాను. చిత్తూరులో ఒక మండీ ఆయన దగ్గర బెల్లం తెప్పించుకుంటాను. పోయిన వారం బిల్లు 8,200 రూపాయలు ఫోన్లో కట్టబోయి, ఒక సున్నా ఎక్కువ పడి 82,000 వెళ్లిపోయింది. వెంటనే ఫోన్ చేస్తే సరేనమ్మా అన్నాడు. మర్నాడు మాట మార్చి, ‘మీ మరిది నాకు 60,000 బాకీ, అది జమ వేసుకున్నా, మిగతాదానికి బెల్లం పంపిస్తా’ అంటున్నాడు. బ్యాంకులో అడిగితే ఖాతా నంబరు కరెక్టే కదా, మేమేం చెయ్యలేం అన్నారు. నా డబ్బు ఎలా వస్తుంది సార్?

జవాబు: చూడమ్మా, ఆయనకు మీరు ఇవ్వాల్సింది 8,200. మిగిలిన 73,800 మీ డబ్బే, ఆయన తిరిగి ఇచ్చి తీరాలి. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 72వ సెక్షన్ చెప్పేది ఇదే: పొరపాటున ఎవరికైనా డబ్బు ముడితే, తీసుకున్నవాళ్లు తిరిగి ఇవ్వాలి. ‘చూసుకోకుండా నొక్కింది నువ్వే కదా’ అని మిమ్మల్ని అంటారు, ఆ మాటకు కుంగిపోకండి. చూసుకోనందుకు డబ్బు వదులుకోవాలని ఆ సెక్షన్‌లో ఎక్కడా లేదు.

ఇక మరిది బాకీ సంగతి. ఆయన అసలు పట్టు ఇదే కాబట్టి దీన్ని కాస్త వివరంగా చెబుతాను. ఒకరి బాకీకి ఇంకొకరి డబ్బు జమ వేసుకునే హక్కు ఏ వ్యాపారికీ లేదు, ఒకే ఇంట్లో ఉన్నా, ఒకే పొయ్యి మీద వండుకుంటున్నా సరే. మరిది దగ్గర రావాల్సింది ఉంటే మరిదినే అడగాలి, కోర్టుకెక్కితే ఆయన మీదే ఎక్కాలి. అయితే రెండు విషయాలు మీరు నాకు నిజం చెప్పాలి. మీ అరిసెల వ్యాపారంలో మరిది కూడా భాగస్వామా, ఆ బెల్లం మీ వ్యాపారానికే వచ్చిందా? అలాగైతే అది మీ బాకీ కూడా అవుతుంది. రెండోది, ఎప్పుడైనా ఆ మండీ ఆయనతో ‘మా మరిదికి సరుకివ్వండి, డబ్బుకి నాదీ పూచీ’ అన్నారా? మన చట్టంలో పూచీ నోటిమాటగా ఇచ్చినా చెల్లుతుంది, కాగితమే ఉండాలని లేదు. ఈ రెండూ లేకపోతే ఆయన వాదన నిలవదు. ఇకముందు కూడా ఫోన్లో గానీ మెసేజ్‌లో గానీ ‘మా వాడి బాకీ మేం కడతాంలే, ముందు నా డబ్బు పంపండి’ అనొద్దు. రాజీ కోసం అన్న ఆ ఒక్క మాటనే రేపు మీ మీద చూపిస్తారు.

బెల్లం పంపిస్తానన్నాడు కదా, దించుకోవద్దు. చాలామంది ఏదో ఒకటి రానీలే అని సరుకు తీసుకుంటారు, అక్కడే దెబ్బ తింటారు. మీరు 13,800 సరుకు దించుకున్నారంటే, ఆ డబ్బు పొరపాటున రాలేదని, అడ్వాన్సుగా పంపిందని, ఆ లెక్కలోనే సరుకు పంపుతున్నానని చెప్పుకోవడానికి ఆయనకు దారి దొరుకుతుంది. ఆటోలో బస్తాలు వచ్చేసినా సంతకం పెట్టకుండా తిప్పి పంపండి, ఎందుకు తిప్పి పంపారో అప్పుడే ఆయనకు మెసేజ్ పెట్టండి.

ఈరోజే చెయ్యాల్సిన పని ఒకటుంది. మొదటి రోజు ఆయన సరే అన్నది ఫోన్లో కదా, దానికి రుజువు లేదు. కాబట్టి వాట్సాప్‌లో ఇలా రాయండి: ‘ఫలానా తేదీన బెల్లం బిల్లు రూ.8,200 కట్టబోయి పొరపాటున రూ.82,000 పంపాను. ఆరోజే మీకు ఫోన్ చేసి చెప్పాను, తిరిగి ఇస్తానన్నారు. ఎక్కువ వచ్చిన రూ.73,800 నా ఖాతాకు పంపండి. ఇది అడ్వాన్సు కాదు, ఎవరి బాకీకీ కట్టింది కాదు.’ అంతే, తిట్లు, బెదిరింపులు ఏమీ వద్దు. ఆయన బదులుగా ‘మీ మరిది బాకీకి పట్టుకున్నా’ అని రాశాడంటే మనకు అదే పెద్ద సాక్ష్యం, ఎక్కువ వచ్చిందని ఆయనే ఒప్పుకున్నట్టు. ఆ ఫోన్ మార్చొద్దు, చాట్ చెరపొద్దు. కోర్టులో స్క్రీన్‌షాట్ ఒక్కటే ఇస్తే చాలదు, భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జతచేయాలి, అది మీ లాయరు చూసుకుంటారు. బెల్లం బిల్లు, యూటీఆర్ నంబరు కనిపించే బ్యాంకు స్టేట్‌మెంటు, వెంటనే ఫోన్ చేసినట్టు చూపే కాల్ లిస్టు పక్కన పెట్టుకోండి. పాత బిల్లులు కూడా తీయండి. ఎప్పుడూ ఏడెనిమిది వేలకు మించి కొననివాళ్లు ఒక్కసారిగా 82,000 అడ్వాన్సు ఎందుకిస్తారని ఆ కాగితాలే అడుగుతాయి.

బ్యాంకువాళ్లు చెప్పింది చాలావరకు నిజమే. డబ్బు మీరు అనుకున్న మనిషికే వెళ్లింది కాబట్టి, ఆయన ఒప్పుకోకుండా వాళ్లంతట వాళ్లు వెనక్కి తియ్యలేరు. అయినా రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి, ఎదుటి బ్యాంకు ద్వారా ఆయన్ను అడగమని అందులో రాయండి. పొరపాటని మొదటి నుంచీ చెబుతున్నారని చూపడానికి అది పనికొస్తుంది. ఎవరో ఒకరు 1930కి ఫోన్ చేసి సైబర్ మోసమని చెప్పు, ఖాతా ఫ్రీజ్ చేస్తారు అంటారు. ఆ పని చెయ్యకండి. ఇక్కడ మిమ్మల్ని ఎవరూ మోసం చేసి డబ్బు లాగలేదు, లేనిది చెబితే మీ కేసు మీరే పాడుచేసుకున్నట్టు.

పోలీసుల దగ్గరికి వెళ్లొచ్చా అంటే, తనది కాదని తెలిసీ దురుద్దేశంతో సొంతం చేసుకోవడం భారతీయ న్యాయ సంహిత 314వ సెక్షన్ కింద నేరమే. కానీ మేజిస్ట్రేట్ అనుమతి లేకుండా పోలీసులు దర్యాప్తు చేయలేని నేరం అది, పైగా ఆయన బాకీ లెక్క చూపిస్తున్నాడు కాబట్టి దురుద్దేశం రుజువు చేయడం కష్టం. అందుకే మీకు నేను సివిల్ దారే చెబుతాను.

మెసేజ్‌కి లొంగకపోతే లాయరు నోటీసు ఇప్పించండి. అందులో 15 రోజుల గడువు పెట్టి, దాటితే ఫలానా తేదీ నుంచి వడ్డీ కూడా అడుగుతామని తప్పకుండా రాయించండి. మీ మధ్య వడ్డీ ఒప్పందమేమీ లేదు కాబట్టి, 1978 వడ్డీ చట్టం ప్రకారం రాతపూర్వక నోటీసులో అడిగితేనే దావాకు ముందు కాలానికి వడ్డీ కోరే వీలుంటుంది. స్పీడ్ పోస్టులో పంపి రసీదు, డెలివరీ రిపోర్టు దాచుకోండి.

ఆ తర్వాత నేరుగా దావాకు వెళ్లకుండా చిత్తూరు కోర్టు ప్రాంగణంలోని జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ప్రీ-లిటిగేషన్ అర్జీ పెట్టమంటాను. కోర్టు ఫీజు లేదు, మహిళలకు ఆదాయంతో పనిలేకుండా లాయరును ఉచితంగా ఇస్తారు, ఎలా వెళ్లాలో తెలియకపోతే 15100కు ఫోన్ చేయండి. వాళ్లు ఆయనకు నోటీసు పంపి పిలుస్తారు. మార్కెట్లో పేరున్న వ్యాపారి 73,800 కోసం కోర్టు మెట్లెక్కాలని అనుకోడు, ఇలాంటివి అక్కడే తెగే అవకాశం ఎక్కువ. కుదిరితే లోక్ అదాలత్ అవార్డు ఇస్తారు, అది కోర్టు డిక్రీతో సమానం, దానిమీద అప్పీలు లేదు. నెలకింత చొప్పున ఇస్తానని ఆయన అడిగితే ఒప్పుకోవచ్చు గానీ, ఒక్క వాయిదా తప్పినా మిగతాదంతా ఒకేసారి కట్టాలనే మాట అవార్డులో రాయించుకోండి. మరిది బాకీ ప్రస్తావన మాత్రం అందులో ఒక్క లైను కూడా రానివ్వొద్దు.

అక్కడికి ఆయన రాకపోయినా, వచ్చి ఒప్పుకోకపోయినా చిత్తూరులో జూనియర్ సివిల్ జడ్జి కోర్టులో దావా వేయాలి. పొరపాటు తెలిసిన రోజు నుంచి మూడేళ్లు గడువు, మీకు తెలిసింది డబ్బు పంపిన రోజే కాబట్టి ఆ తేదీ నుంచే లెక్క వేసుకోండి. ఈలోపు ఆయన కొంత పంపిస్తే తీసుకోండి, కానీ ‘73,800లో ఇంత ముట్టింది, ఇంకా ఇంత రావాలి’ అని అదే రోజు వాట్సాప్‌లో రాసి పెట్టండి.