పదవులన్నీ పెట్టాను, అయినా వ్యాసం బయోడేటాలా ఉందంటున్నారు. ఏం చేయాలి?

ప్రశ్న: మాది శ్రీకాకుళం. అమెరికాలో డిగ్రీకి కామన్ యాప్‌లో అప్లై చేస్తున్నాను. స్కూల్‌లో ఎస్పీఎల్‌ని, సైన్స్ క్లబ్ సెక్రటరీని, ఎకో క్లబ్ ప్రెసిడెంట్‌ని. వ్యాసంలో ఇవన్నీ రాశాను. సార్ బాగుందన్నారు, అక్క మాత్రం బయోడేటాలా ఉందంటోంది. ఎకో క్లబ్ తరఫున నాటిన మొక్కలు వేసవి సెలవుల్లో సగం ఎండిపోయాయి, అది మాత్రం రాయలేదు. ఎలా మార్చాలి?

జవాబు:

తమ్ముడూ, మీ అక్క మాటే నిజం. నాది విజయనగరం. నేనూ ఎస్పీఎల్‌గా చేసి, ఇదే ఫారం నింపినవాణ్ణే. నా మొదటి డ్రాఫ్ట్ గంటస్తంభం దగ్గర జెరాక్స్ షాపులో ప్రింట్ తీయించి మా మావయ్యకి చూపిస్తే, చదివి వెనక్కిచ్చేసి "పెళ్ళి సంబంధానికి పంపిస్తున్నావేట్రా?" అన్నాడు.

ముందు ఫారం సంగతి చూడు. పదవులు రాసుకోవడానికి అందులో వేరే చోటుంది. యాక్టివిటీస్ విభాగంలో 10 వరుసలుంటాయి. ఒక్కో దానిలో హోదాకి 50 అక్షరాలు, ఏం చేశావో చెప్పడానికి 150 అక్షరాలు. నువ్వు ఎస్పీఎల్‌వని అక్కడ ఒకసారి తెలిసిపోతుంది. మీ స్కూల్ వాళ్ళు పంపే సిఫార్సు ఉత్తరంలోనూ ఆ ముక్క దాదాపు ఖాయంగా ఉంటుంది. 650 పదాలకి మించకూడని వ్యాసంలో మూడోసారి అదే చెబితే, చదివేవాళ్ళకి నీ గురించి కొత్తగా తెలిసేదేమీ ఉండదు.

నా పాత డ్రాఫ్ట్‌లో ఒక వాక్యం ఇప్పటికీ గుర్తుంది. "ఎస్పీఎల్‌గా 200 మంది విద్యార్థులకు నాయకత్వం వహించి, క్రమశిక్షణను పెంపొందించి, జట్టుగా పనిచేయడం నేర్చుకున్నాను." ఇందులో అబద్ధం లేదు. కానీ మన జిల్లాలో ఏ ఎస్పీఎల్ పేరు పెట్టినా సరిపోతుంది, అదే దాని జబ్బు. నీ డ్రాఫ్ట్‌లో ఒక్కో వాక్యం పట్టుకుని, పక్క స్కూల్ ఎస్పీఎల్ దాన్ని యథాతథంగా రాసుకోగలడా అని చూడు. రాసుకోగలిగితే కొట్టేయ్. నాకలా కొట్టేస్తే నాలుగు వాక్యాలు మిగిలాయి, అవి మంచినీళ్ళ కొళాయిల గురించి.

మా స్కూల్‌లో ఆరు నుంచి పది దాకా క్లాసుకి 40 మంది చొప్పున 200 మంది. మంచినీళ్ళకి నాలుగు కొళాయిలు, అందులో ఒకటి సన్నధార. ఇంటర్వెల్ 10 నిమిషాలు. అక్కడ విజిల్ పట్టుకుని లైను చూడటం నా పని. తోసుకుంటే విజిల్, మాట్లాడితే విజిల్. పిల్లలకి క్రమశిక్షణ లేకే లైను కదలట్లేదని నా నమ్మకం. ఒకరోజు ఆరో క్లాసు గుంటడు లైనులోంచి వెళ్ళిపోతుంటే ఆపాను. "ఎలాగూ నా వంతు రాదు కదన్నా, మరెందుకు నిల్చోడం" అన్నాడు. బాటిల్ తిరగేసి చూపించాడు, చుక్క లేదు.

మర్నాడు పీఈటీ సార్ స్టాప్‌వాచ్ అడిగి తీసుకున్నాను. బాటిల్ నిండి, పిల్లాడు పక్కకి తప్పుకునేసరికి 30 సెకన్లు. అంటే 10 నిమిషాల్లో కొళాయికి 20 బాటిళ్ళు. సన్నధార వదిలేస్తే మూడు కొళాయిలకి 60. పిల్లలు 200 మంది. ఎంత చక్కగా నిలబడినా 140 మందికి నీళ్ళు అందవు. నెలల తరబడి నేను విజిల్ వేసింది లెక్క తప్పు మీద, పిల్లల తప్పు మీద కాదు.

ఇంటర్వెల్ రెండు విడతలుగా పెట్టమని అడిగితే టైంటేబుల్ కదపలేమన్నారు. దాంతో ఇంటర్వెల్‌కి పావుగంట ముందు ఆరో క్లాసు నుంచి ముగ్గురు, వాళ్ళయ్యాక ఏడో క్లాసు నుంచి ముగ్గురు బుట్టలో బాటిళ్ళు తెచ్చి నింపేలా అనుకున్నాను. మనిషికో కొళాయి, 40 బాటిళ్ళకి ఏడు నిమిషాలు. ఆ పీరియడ్‌లో ఆరో క్లాసు టీచర్ ఒప్పుకున్నారు, ఏడో క్లాసు లెక్కల సార్ ఒప్పుకోలేదు. నా క్లాసువాళ్ళకి కోపమొచ్చింది. "నువ్వు మాకు లీడర్‌వా, ఆరో క్లాసుకి ఆయావా?" అని మొహం మీదే అన్నారు. చివరికి ఆరో క్లాసుకి నీళ్ళు అందాయి. మిగతా 160 మందికి అవే 60 బాటిళ్ళ టైమ్. సమస్య తీరలేదు, నేను దిగిపోయేనాటికీ తీరలేదు.

వ్యాసంలో ఇదంతా ఇలాగే రాశాను, తీరలేదన్న మాటతో సహా. సగం పదాలు స్టాప్‌వాచ్ పట్టుకున్న ఆ రోజుకే పోయాయి. ఎందుకంటే నా ఆలోచన మారింది అక్కడ. ఎస్పీఎల్ అన్న మాట ఒక్కసారి వచ్చింది, అదీ విజిల్ నా చేతికెలా వచ్చిందో చెప్పడానికి. సైన్స్ ఫెయిర్ బహుమతి, ఆగస్టు 15 స్పీచ్, అన్నీ యాక్టివిటీస్‌లోకి వెళ్ళిపోయాయి. స్పీచ్ తీసేయడానికి మాత్రం ప్రాణం ఒప్పలేదు, రెండు రోజులు పట్టింది.

రాసేటప్పుడు మనవాళ్ళు ఎక్కువగా జారేది "మేం" దగ్గర. ఇంట్లో, స్కూల్‌లో "నేను చేశాను" అంటే గొప్పలు పోయినట్టుంటుందని "మేం చేశాం" అంటాం. ఇంగ్లీషులోకి వెళ్ళేసరికి అది "చర్యలు తీసుకోబడ్డాయి" టైపులో తేలుతుంది, నువ్వు ఏం చేశావో మాయమైపోతుంది. క్లబ్ మొత్తం చేసింది "మేం" అనే రాయి. కానీ అడిగింది, లెక్కేసింది, తిట్లు తిన్నది నువ్వైతే అక్కడ "నేను" ఉండాల్సిందే. టీచర్ చేసింది టీచర్ ఖాతాలోనే వెయ్యి. నేను మొదట ఏడో క్లాసుకీ నీళ్ళు అందినట్టు రాసేశాను, సిగ్గేసి తీసేశాను. నిజానికి ఆ కాదన్న లెక్కల సార్ వల్లే కథకి ప్రాణం వచ్చింది.

నువ్వు యూకేకి కూడా అప్లై చేస్తుంటే ఈ వ్యాసాన్నే అక్కడ పెట్టకు. అక్కడి యూనివర్సిటీలకి అప్లై చేసే యూకాస్‌లో 2026 ప్రవేశాల నుంచి ఒకే వ్యాసం బదులు మూడు ప్రశ్నలు వచ్చాయి, మొత్తం కలిపి 4,000 అక్షరాలు. ఆ ప్రశ్నలన్నీ నువ్వు ఎంచుకున్న కోర్సు చుట్టూనే తిరుగుతాయి. క్లబ్ అనుభవం ఆ చదువుకి పనికొస్తే మూడో ప్రశ్నలో రెండు మూడు వాక్యాలు చాలు.

ఇక నీ విషయం. రాయలేదన్నావే, ఆ ఎండిపోయిన మొక్కలే నీ వ్యాసం అని నాకనిపిస్తోంది. సైన్స్ క్లబ్‌ని వదిలెయ్. ఇంగ్లీషు గురించి టెన్షన్ పడకుండా, ముందు తెలుగులోనే ఒక కాగితం మీద వీటికి జవాబులు రాసుకో. ఎన్ని నాటారు, ఎన్ని బతికాయి? సెలవుల్లో గేటు తాళం ఎవరి దగ్గరుంది? నీళ్ళు ఎవరు పోయాలని అనుకున్నారు, ఆ మనిషిని నువ్వు అడిగావా, లేక ఎవరో పోస్తారులే అనుకున్నావా? బతికిన సగం ఏ వైపువి, ఎందుకు బతికాయి? జూన్‌లో స్కూల్ తెరిచిన రోజు వాటిని చూసి మొదట ఏం చేశావు, ఫొటో తీశావా, ఎవరికీ చెప్పకుండా పీకేశావా? ఉన్నదున్నట్టు రాసి ఇక్కడే పెట్టు, చూస్తాను.