పచ్చళ్ల షాపుకి ఈమెయిల్ మార్కెటింగ్: ముందు లిస్టు సంగతి చూడండి

ప్రశ్న: విజయవాడలో వెబ్‌సైట్లు చేసి ఇస్తుంటాను. విదేశాలకి పార్సిళ్లు పంపే ఒక పచ్చళ్ల షాపు వాళ్లు ఈమెయిల్ మార్కెటింగ్ కూడా చేసిపెట్టమంటున్నారు. ఆరేళ్లుగా పోగైన 3,200 ఈమెయిల్ అడ్రస్‌లు ఎక్సెల్‌లో ఉన్నాయి. ఎక్కడ మొదలుపెట్టాలి? నెలకి ఎంత అడగాలి?

జవాబు: మొదటి రోజే అందరికీ ఆఫర్ మెయిల్ కొట్టేయమని షాపు వాళ్లు తొందరపెడతారు. ఒప్పుకోకండి. స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకూడదని, 0.1 లోపే ఉంటే మంచిదని గూగుల్ చెబుతోంది. అంటే వెయ్యి మందిలో ముగ్గురు 'స్పామ్' నొక్కినా గీత దాటినట్టే. ఎప్పుడో ఒకసారి ఆవకాయ కొని మర్చిపోయినవాళ్లలో ఆ ముగ్గురు దొరకడం ఎంతసేపు? డొమైన్‌కి ఒకసారి చెడ్డపేరు వచ్చిందంటే, మామూలు ఆర్డర్ కన్ఫర్మేషన్లు కూడా స్పామ్‌లో పడే ప్రమాదం ఉంది.

అందుకే ముందు ఎక్సెల్ షీటు తెరవండి. ఒకే అడ్రస్ రెండుసార్లు ఉంటే ఒకటి తీసేయండి. `gmial.com`, `yaho.com` లాంటి టైపింగ్ తప్పులు వెతకండి. వాటిని మీరే ఊహించి దిద్దకండి, ఆర్డర్ వివరాల్లో ఫోన్ నంబర్ ఉంటే అడిగి దిద్దండి, లేకపోతే తీసేయండి. ఆ తర్వాత అసలు పని: ప్రతి అడ్రస్ పక్కన చివరి ఆర్డర్ తేదీ పెట్టి మూడు ముక్కలు చేయండి. ఏడాది లోపు కొన్నవాళ్లు, రెండేళ్ల లోపు వాళ్లు, అంతకన్నా పాతవాళ్లు.

3,200లో డూప్లికేట్లు, తప్పులు పోను 2,900 మిగిలాయని, వాళ్లలో ఏడాది లోపు కొన్నవాళ్లు 900 అని అనుకుందాం. మీ మొదటి మెయిల్ ఆ 900 మందికే, అదీ రోజుకి రెండు మూడు వందల చొప్పున. అడ్రస్సే లేదని తిరిగొచ్చేవి, అంటే హార్డ్ బౌన్స్‌లు, రెండు శాతం దాటితే అక్కడే ఆపి మిగతా లిస్టుని వెరిఫికేషన్ సర్వీసులో వేసి చూడండి. సాఫీగా వెళితే రెండో ముక్కకి రండి. రెండేళ్లు దాటినవాళ్లకి "ఇంకా మా మెయిల్స్ కావాలా?" అని ఒక్కసారి అడగండి. కావాలని నొక్కినవాళ్లు తప్ప మిగతావాళ్లని వదిలేయండి. సగం లిస్టు పోయిందని ఓనర్ గారు బాధపడతారు. మెయిల్స్ పంపే చాలా టూల్స్ కాంటాక్టుల సంఖ్యని బట్టే డబ్బు తీసుకుంటాయి కాబట్టి బిల్లు కూడా తగ్గుతుందని చెప్పండి.

పంపే ముందు డొమైన్ సెట్టింగ్స్ చూసుకోవాలి. షాపు జీమెయిల్ అడ్రస్ నుంచి కాకుండా సొంత డొమైన్ నుంచి పంపండి. మెయిల్ నిజంగా ఈ డొమైన్ నుంచే వచ్చిందని రుజువు చేసే రికార్డులు మూడు. ఎస్పీఎఫ్, డీకిమ్ రికార్డులు టూల్ వాళ్లే ఇస్తారు, డీమార్క్ మాత్రం మొదట ఇలా చాలు, `example.com` బదులు షాపు డొమైన్ పెట్టండి:

```
_dmarc  TXT  "v=DMARC1; p=none; rua=mailto:reports@example.com"
```

మీ జీమెయిల్‌కే ఒకటి పంపి `Show original` తెరవండి. SPF, DKIM, DMARC మూడింటి పక్కనా PASS కనిపించాలి. కస్టమర్లు అమెరికాలోనూ ఉన్నారంటే, అక్కడి చట్టం ప్రకారం ప్రతి మెయిల్ కింద షాపు పోస్టల్ అడ్రస్, అన్‌సబ్‌స్క్రైబ్ చేసుకునే దారి తప్పనిసరి.

ఆ తర్వాత వెల్‌కమ్ సీక్వెన్స్, అంటే వాటంతటవే వరసగా వెళ్లే స్వాగతం మెయిల్స్. ఇవి కొత్తగా చేరేవాళ్లకి మాత్రమే. మూడు మెయిల్స్ సరిపోతాయి. చేరిన వెంటనే ఒకటి: ఇస్తామన్న కూపన్, నెలకి ఎన్ని మెయిల్స్ వస్తాయో ఒక మాట. మూడో రోజు రెండోది: నూనె కారకుండా ఎలా ప్యాక్ చేస్తారు, డాలస్‌కో లండన్‌కో ఎన్ని రోజుల్లో చేరుతుంది. కొనాలా వద్దా అని ఆగేవాళ్లని ఆపేది చాలావరకు ఈ సందేహాలే కాబట్టి దీని మీదే ఎక్కువ శ్రద్ధ పెట్టండి. చేరిన వారం రోజులకి మూడోది: ఎక్కువ అమ్ముడయ్యే నాలుగు పచ్చళ్లు. మధ్యలో ఆర్డర్ పెట్టినవాళ్లు సీక్వెన్స్ నుంచి బయటికి వచ్చేలా కండిషన్ పెట్టాలి, లేకపోతే గోంగూర కొన్న మర్నాడే "మొదటి ఆర్డర్‌కి తగ్గింపు" అని మెయిల్ వెళ్లి చిరాకు తెప్పిస్తుంది. ఇంకో జాగ్రత్త: పాత లిస్టుని ఇంపోర్ట్ చేసేటప్పుడు ఆటోమేషన్ ఆపేయండి. ఆపకపోతే ఆరేళ్ల పాత కస్టమర్లందరికీ "స్వాగతం" వెళ్లిపోవచ్చు.

ఇక ఫీజు. సెటప్‌కి వేరుగా, నెలవారీకి వేరుగా చెప్పండి. క్లీనింగ్, డొమైన్, మూడు మెయిల్స్ కలిపి సుమారు 20 గంటల పని. ఆ తర్వాత నెలకి రెండు మెయిల్స్ రాసి పంపడానికి ఆరు గంటలు, బౌన్స్‌లు తీసేసి ఒక పేజీ రిపోర్టు ఇవ్వడానికి రెండు గంటలు. గంటకి 600 అనుకుంటే సెటప్ 12,000, నెలకి 4,800. అమ్మకాల్లో శాతం మీద మాత్రం ఒప్పుకోకండి, ఆ ఆర్డర్ మెయిల్ వల్ల వచ్చిందా వాట్సాప్ వల్ల వచ్చిందా అని ప్రతి నెలా వాదనే. టూల్ అకౌంటు ఓనర్ పేరు మీద, ఆయన కార్డుతోనే తెరిపించండి. లిస్టు షాపుదేనని, మీరు మానేసినా వాళ్ల దగ్గరే ఉంటుందని కొటేషన్‌లోనే రాసివ్వండి.