ఎక్సెల్ కోర్సుకు టైటిల్, సబ్‌టైటిల్ ఎలా పెట్టాలి?

*బెంగళూరులో అకౌంట్స్ ఉద్యోగాలు చేసే మనవాళ్ల కోసం తెలుగులో ఎక్సెల్ కోర్సు యుడెమీలో పెడుతున్నా. "ఎక్సెల్ మాస్టర్ క్లాస్" అనే పేరు సరిపోతుందా?*

సరిపోదు. అందులో భాష లేదు, నేర్చుకునే పనీ లేదు. వెతికేవాళ్లు టైప్ చేసే మాటలే టైటిల్‌లో ఉండాలి. నేనైతే ఇలా పెడతాను:

"తెలుగులో ఎక్సెల్: పివట్ టేబుల్‌తో సేల్స్ రిపోర్ట్"

సబ్‌టైటిల్‌లో అవే మాటలు తిప్పి రాయకండి. ఎవరికి, ఏ ఫార్ములాలు, చివరికి ఏం చేయగలరు అన్నది చెప్పండి:

"అకౌంట్స్‌లో కొత్తగా చేరినవారికి: VLOOKUP, SUMIFS నేర్చుకుని నెలవారీ రిపోర్ట్ మీరే తయారు చేయండి"

టైటిల్‌కు 60, సబ్‌టైటిల్‌కు 120 క్యారెక్టర్ల పరిమితి ఉంది. తెలుగులో గుణింతం, పొల్లు కూడా విడి క్యారెక్టర్లే. కంటికి మూడక్షరాలుగా కనిపించే "ఎక్సెల్" నిజానికి ఏడు. అందుకే ముందే ఎక్సెల్‌లో A1 సెల్‌లో పేస్ట్ చేసి, పక్క సెల్‌లో ఈ ఫార్ములాతో లెక్క చూసుకోండి:

```
=LEN(A1)
```

కోర్సులో SUMIFS పాఠం లేకపోతే ఆ మాట తీసేయండి. చూసి చేరినవాళ్లు రిఫండ్ అడుగుతారు.