పింఛను సొమ్ముతో చిన్న వ్యాపారం: ఎంతవరకు పెట్టవచ్చు?

ప్రశ్న: రిటైరయ్యాక వచ్చిన 30 లక్షలలో పిండిమర కోసం ఎంత పెట్టడం క్షేమం?

పూర్తిగా పోయినా నెలవారీ ఇంటి ఖర్చు, వైద్యం కుంటుపడనంత మొత్తమే పెట్టాలి. ఉద్యోగంలో ఉన్నవారు నష్టాన్ని మరికొన్నేళ్ల జీతంతో పూడ్చుకోగలరు గాని, విశ్రాంత ఉద్యోగికి ఆ అవకాశం ఉండదు.

ఉదాహరణకు, పింఛను 35,000, ఇంటి ఖర్చు 45,000 అనుకుందాం. నెలకు తగ్గే 10,000 రూపాయలు 8 శాతం వడ్డీతో రావాలంటే 15 లక్షలు సీనియర్ సిటిజన్ పొదుపు పథకం వంటి చోట ఉండాలి. ఆసుపత్రి అవసరాలకు మరో 5 లక్షలు తీసేస్తే 10 లక్షలు మిగులుతాయి. ధరలు పెరిగితే ఆ 15 లక్షల వడ్డీ చాలదు కనుక, ఇందులోనూ సగమే పిండిమరకు కేటాయించడం మంచిది. ఆ 5 లక్షలనూ యంత్రానికే వెచ్చించక, మొదటి ఆరు నెలల అద్దెకు, కరెంటు బిల్లుకు లక్షన్నర విడిగా ఉంచాలి. చాలా దుకాణాలు మూతపడేది గిరాకీ కుదిరేలోపు చేతిలో డబ్బు అయిపోవడం వల్లనే.

సొంత డబ్బు తగ్గించి బ్యాంకు అప్పు తెస్తే రిస్కు తగ్గుతుందన్నది అపోహ. సొంత పేరుమీద నడిపే వ్యాపారంలో బాకీలకు యజమానిదే పూర్తి బాధ్యత కాబట్టి, దుకాణం మూసినా వాయిదాలు మిగిలిన డిపాజిట్ల నుంచే కట్టవలసి వస్తుంది.